ఫోటో ఒకరిది, పేరు ఇంకొకరిది

డ్యూటీ దిగి క్యాంపుకొచ్చి ఫోన్ తెరిస్తే చాలు, ఏదో ఒక ఫోటో వచ్చి ఉంటుంది. 'వీసాల పేరుతో డబ్బు ఎత్తుకుపోయింది ఇతడే, గుర్తుపట్టండి' అని కింద రాత. కాసేపటికి ఎవరో ఒకరు 'ఇతను ఫలానా కంపెనీలో మేస్త్రీ కదా' అంటారు. అంతే, ఫోటోకు పేరు అతుక్కుంటుంది. ఆ పేరు తప్పయితే ఏం జరుగుతుందో తెలియాలంటే 2013లో అమెరికాలో జరిగిన సంగతి చూడాలి. అందులో నలిగిపోయింది మన భారతీయ మూలాలున్న కుటుంబమే.

ఆ ఏడాది ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ పరుగులో బాంబులు పేలి ముగ్గురు చనిపోయారు. 18న సాయంత్రం ఎఫ్‌బీఐ ఇద్దరు అనుమానితుల ఫోటోలు విడుదల చేసింది. ఒకడికి నల్ల టోపీ, ఇంకొకడికి తెల్ల టోపీ. మొహాలు అంత స్పష్టంగా లేవు, పేర్లూ లేవు. అంతకు నెల ముందే బ్రౌన్ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు కనిపించకుండా పోయారు. ఆయన పేరు ఇప్పటికే చాలాసార్లు లోకానికెక్కింది కాబట్టి మనం ఇక్కడ రాయడం లేదు. కొడుకు ఆచూకీ కోసం ఆ కుటుంబం ఫేస్‌బుక్‌లో పేజీ తెరిచి ఫోటోలు పెట్టింది.

తెల్ల టోపీ మనిషి ఆ అబ్బాయిలా ఉన్నాడని ఒకప్పటి స్కూలు సహవిద్యార్థి ఒకరు ట్విట్టర్‌లో రాశారు. రెడిట్‌లో కొందరు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి ముక్కూ మొహం పోల్చారు. వెతకడానికి తల్లిదండ్రులు పెట్టిన ఫోటోలే అందుకు పనికొచ్చాయి. 'కనపడకుండా పోయాడంటే ఏదో ఉంది' అన్నారు. అర్ధరాత్రి దాటాక పోలీసు రేడియోలో ఆ పేరు వినిపించిందని ఒక మాట పుట్టింది. కొందరు విలేకరులు కూడా దాన్ని ముందుకు పంపారు. తర్వాత రికార్డింగులు పరిశీలిస్తే ఆ పేరు అందులో లేనే లేదు.

తెల్లవారుజామున ఆ ఇంటికి వరసగా ఫోన్లు. ఫేస్‌బుక్ పేజీ నిండా తిట్లు, బెదిరింపులు. భరించలేక పేజీ మూసేశారు. అంటే కొడుకును వెతికే దారే మూసుకుపోయింది. తెల్లారాక అసలు అనుమానితులు సార్నాయెవ్ సోదరులని తేలింది. ఏప్రిల్ 23న ఆ విద్యార్థి మృతదేహం ప్రావిడెన్స్ దగ్గర నదిలో దొరికింది. రెడిట్ యాజమాన్యం క్షమాపణ చెప్పింది. కానీ ఆ రాత్రి ఆ ఇంటివాళ్లు పడ్డదాన్ని ఎవరు వెనక్కి తీసుకోగలరు?

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పది మంది చెబుతున్నారంటే పది సాక్ష్యాలని మనం అనుకుంటాం. ఆ రాత్రి వేలమంది చెప్పారు, కానీ మూలం 'పోలిక ఉంది' అన్న ఒక్క మాటే. ఒకరిది చూసి ఇంకొకరు చెబితే అది కొత్త సాక్ష్యం కాదు. అందుకే 'నీకెలా తెలుసు?' అని అడగాలి. 'గ్రూపులో చూశా' అన్నది జవాబు కాదు. 'నేను అతనితో పనిచేశా, ఆ రోజు అక్కడ చూశా' అన్నది జవాబు.

మన దగ్గర పొరపాటుకు ఇంకా ఎక్కువ వీలుంది. అభాలోనైనా, ఖమీస్ ముషైత్‌లోనైనా సైటులో హెల్మెట్, చొక్కా మీద సేఫ్టీ జాకెట్, మొహానికి దుమ్ము గుడ్డ. అందరం ఒక్కలాగే ఉంటాం. ఒకే క్యాంపులో నలుగురు శ్రీనివాసులు, ముగ్గురు మల్లేశ్‌లు. ఇకామా నంబరు చూడందే ఏ శ్రీనివాసో మేం హాజరు వేయలేం. అలాంటిది మసక ఫోటో చూసి పేరెలా చెబుతాం?

చట్టం సంగతీ తెలుసుకోవాలి. సౌదీలో 2007 నాటి సైబర్ నేరాల చట్టం మూడో అధికరణం ప్రకారం, ఫోన్ల ద్వారా, నెట్ ద్వారా ఒకరి పరువు తీసినా, కెమెరా ఫోనుతో ఒకరి వ్యక్తిగత జీవితంలోకి చొరబడినా ఏడాది వరకు జైలు, 5 లక్షల రియాళ్ల వరకు జరిమానా, లేదా రెండింటిలో ఒకటి పడొచ్చు. 'నేను రాయలేదు, పంపానంతే' అంటే గట్టెక్కుతామన్న భరోసా లేదు.

నిజంగా మోసగాడు తెలిస్తే ఆ వివరం పోలీసులకివ్వాలి గానీ గ్రూపులో పెట్టకూడదు. మన తోటివాడి పేరే తప్పుగా తిరుగుతుంటే, 'అది అతను కాదు' అని అదే ఫోటోను పేరుతో సహా మళ్లీ పంపకండి, అది ఇంకా పాకుతుంది. వచ్చిన మెసేజీలను తేదీ, పంపిన నంబరు కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచమనండి. ఫోటో నాటి హాజరు పట్టీ ఉంటే తీసి పెట్టండి. ఆ రోజు అతను డ్యూటీలో ఉన్నాడని చెప్పే కాగితం అదే. కంపెనీ మందూబ్‌కు చెప్పి, అతనితో కలిసి పోలీసుల దగ్గరకు వెళ్లాలి. అక్కడ పని కాకపోతే అసీర్ ప్రాంతంలోని మనకు జెడ్డాలోని భారత కాన్సులేట్ ఉంది. ఊళ్లో ఇంటివాళ్లకు మాత్రం అతనే ముందు ఫోన్ చేసి చెప్పాలి. ఆ ఫోటో వాళ్ల దాకా పోవడానికి ఒక్క పూట కూడా పట్టదు.