స్కోరు 88 వచ్చింది, మరి పెట్రోలు ఎందుకు మిగల్లేదు?

ఈసారి పత్తి గురించి కాదు, బత్తాయి గురించి కాదు, కారు గురించి రాస్తున్న. మన ఊర్లల్ల ఇప్పుడు ఇంటికో కారు కాకున్నా వాడకు నాలుగైదు కార్లు అయినయి. మార్కెట్‌కు, దవాఖానకు, పెండ్లికి అన్నిటికీ అదే. అందుకే ఇది కూడా సాగు ఖర్చులాంటి లెక్కే అనుకోండి.

మొన్న మా అన్న కొడుకు దేవరకొండ నుంచి నల్లగొండ దాకా మా కారు నడిపిండు. దిగంగనే తెర చూపించి, "చిన్నాయనా, నాకు 91 వచ్చింది, నీకెప్పుడన్న వచ్చిందా?" అన్నడు. నాకు ఎప్పుడూ అరవై దాటలేదు. పోరడి ముందు సిగ్గయింది. ఆ రోజు నుంచి మూడు ట్యాంకుల పెట్రోలు లెక్క రాసిన. రాసినంక నాకు తెలిసింది ఒక్కటే. ఆ స్కోరు మన కాలుకు ఇచ్చే మార్కు, పెట్రోలుకు ఇచ్చేది కాదు. ఈ తేడా తెలిస్తే అది మంచి గురువు. తెలియకపోతే వట్టి ఆట.

ముందుగాల అది ఏం కొలుస్తదో చూద్దాం. రెనో బండ్లల్ల నూటికి ఇన్ని అని మార్కు వేసే తెర ఉన్నది. అది మూడు చూస్తది: ఎక్స్‌లేటర్ ఎట్ల తొక్కుతున్నవు, గేరు సమయానికి మార్చినవా, ముందు చూసుకొని కాలు తీసినవా లేక దగ్గరికి పోయి బ్రేక్ కొట్టినవా. టయోటా హైబ్రిడ్ బండ్లల్ల కూడా మూడే: బయలుదేరుడు, ఒకే తీరుగ పోవుడు, ఆగుడు. కొన్ని హోండా సిటీలల్ల స్పీడు మీటరు చుట్టూ లైటు ఉంటది, మెల్లగ నడిపితే ఆకుపచ్చగ మారుతది. ఇంకా మామూలు బండ్లల్ల గేరు పైకి వెయ్యమని బాణం గుర్తు ఒక్కటే ఉంటది. పేర్లు వేరైనా అన్నీ చూసేది మన కాలునే.

బండిల ఎంత బరువున్నది, టైర్ల గాలి ఎంత, ఆగి ఉన్నప్పుడు ఏసీ ఎంతసేపు నడిచింది, ఇవన్నీ నేను చూసిన స్కోర్లల్ల లెక్కకు రావు. నా మూడు ట్యాంకుల కథ అంతా ఇక్కడనే ఉన్నది.

మాది సెకండ్ హ్యాండ్ల కొన్న చిన్న పెట్రోలు కారు. మొదటి ట్యాంకు నా పాత అలవాటు ప్రకారమే నడిపిన. స్కోరు 58. బంక్ లెక్క ప్రకారం 408 కిలోమీటర్లకు 26.1 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు పదిహేనున్నర పైన. కారు తెర మాత్రం పదిహేడు అని చూపించింది. తెర మీది మైలేజ్ ఇంజన్‌కు పోయే పెట్రోలును అంచనా కట్టి చెప్పేది. చాలా బండ్లల్ల అది అసలు కంటే కొంచెం ఎక్కువనే చూపిస్తది. అందుకే లెక్కకు బంకే ప్రమాణం.

రెండో ట్యాంకుకు తెర చెప్పినట్టు విన్న. అన్నీ ఒకేసారి కాదు, వారానికొకటి. మొదటి వారం ముందుచూపు మార్కు మీదనే కన్ను పెట్టిన. ఊరి మూల మలుపు, స్పీడ్ బ్రేకర్, గొర్ల మంద దూరంగ కనపడంగనే ఎక్స్‌లేటర్ మీద నుంచి కాలు తీసుడు, గేరుల ఉంచి బండిని దానంతట అదే నిమ్మళం కానిచ్చుడు. రెండో వారం గేర్లు: బాణం రాంగనే పై గేరు. మూడో వారం స్పీడు: పెద్ద రోడ్డు మీద ఎనభై దాటకుండ. స్కోరు 84కు వచ్చింది. 431 కిలోమీటర్లకు 24 లీటర్లే పట్టింది, అంటే లీటరుకు దగ్గర దగ్గర పద్దెనిమిది. నేను నెలకు ఎనిమిది వందల కిలోమీటర్లు తిరుగుత. ఆ లెక్కన నెలకు ఆరున్నర లీటర్ల పైన మిగిలింది. లీటరు నూటేడు అనుకుంటే ఏడు వందలు. గొప్ప పైసలు కాదు గానీ, ఊరికే పోయే పైసలు.

ఇక మూడో ట్యాంకు. స్కోరు ఇంకా పెరిగి 88 అయింది. నేను మీసం తిప్పిన. బంకుల చూస్తే 390 కిలోమీటర్లకు 24.3 లీటర్లు, లీటరుకు పదహారు! స్కోరు పెరిగింది, మైలేజ్ పడిపోయింది.

తప్పు ఎక్కడున్నదో రెండు రోజులు ఆలోచించిన. అవి ఎండలు ముదిరిన రోజులు. నల్లగొండ మార్కెట్ల బత్తాయి కాంటా అయ్యేదాక పిల్లలను కార్ల కూర్చోబెట్టి ఏసీ నడిపిన, ఒక్కోసారి గంట. నిలబడ్డ చిన్న కారు కూడా గంటకు అర లీటరు పైనే తాగుతది, ఏసీ ఉంటే ఇంకా ఎక్కువ. అప్పుడు కిలోమీటరు సున్న, లీటర్లు మాత్రం పోతనే ఉంటయి. పైగా ఆ నెల బోరు మోటరు పని ఉండి పొద్దుగాల, సాయంత్రం చేను దాక రెండేసి కిలోమీటర్లు కార్లనే పోయిన. చల్లటి ఇంజన్ వేడెక్కేదాక పెట్రోలు ఎక్కువ తీసుకుంటది. వేడెక్కే లోపటనే నా చేను వస్తది. గాలి కొట్టించవోతే నాలుగు టైర్లల్ల ఉండాల్సిన దానికంటె ఎనిమిది పాయింట్లు తక్కువున్నది. ఈ మూడిట్ల ఒక్కటి కూడా స్కోరుకు తెల్వదు. నేను మెల్లగనే తొక్కిన, మెల్లగనే ఆపిన. అది మార్కు వేసింది. దానిది అబద్ధం కాదు, నేను అడిగిన ప్రశ్నే తప్పు.

ఆర్టీసీల పనిచేసినోళ్లు మీ ఇంట్ల ఎవరన్న ఉంటే కేఎంపీఎల్ అంటే ఏందో అడగండి. డిపోల బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్ల డీజిల్ పోసిన్రు అని డ్రైవర్ పేరు మీద లెక్క కడ్తరు. తక్కువ వచ్చినోళ్లకు కాలు ఎట్ల వెయ్యాల్నో నేర్పిస్తరు. అంటే నేర్పేది కాలుకు, కొలిచేది లీటర్లల్ల. మన కార్ల తెర మొదటి సగం పని చేస్తది. రెండో సగం మనమే చెయ్యాలె.

ఇప్పుడు ఒక పాత అలవాటు మీద నా గట్టి మాట. దిగుడు రాంగనే న్యూట్రల్ చేసి, పెట్రోలు మిగిలింది అనుకునేటోళ్లు మనల్ల సగం మంది ఉన్నరు. నేనూ చేసిన. పాత కార్బురేటర్ బండ్లల్ల ఆ మాటకు అర్థం ఉండె. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లల్ల కథ తిరగబడ్డది. గేరుల ఉండి కాలు పూర్తిగ తీస్తే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతయి, కంప్యూటర్ పెట్రోలును బంద్ పెడ్తది. ఇంజన్ బాగా నెమ్మది అయ్యేదాక సున్న పెట్రోలే. న్యూట్రల్ల వేస్తే చక్రాలకూ ఇంజన్‌కూ సంబంధం తెగిపోతది, అప్పుడు ఇంజన్ ఆగకుండ ఉండనీకె పెట్రోలు పోసుకోవాల్సిందే.

మరి న్యూట్రల్ల బండి ఎక్కువ దూరం జారుతది కదా అంటరు, నిజమే. కొద్దిపాటి దిగుడుకు అట్ల కొంత మిగులుతదేమో. కానీ ముందు బ్రేక్ కొట్టాల్సి ఉన్నకాడ, ఏటవాలు దిగుడు కాడ గేరుదే లాభం. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యాము దిక్కు దిగే ఘాట్ల న్యూట్రల్ వేస్తే పెట్రోలు సంగతి తర్వాత, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతయి. ఇంజన్ బంద్ చేసి దిగుడైతే ఇంకా ఘోరం. బ్రేక్ గట్టిపడుతది, పవర్ స్టీరింగ్ పోతది, చెవి గుంజితే స్టీరింగే లాక్ అయితది. అక్కడ రెండో గేరో, మూడో గేరో వేసి దిగాలె.

తెర మాట వినొద్దన్న చోట్లు కూడా రెండున్నయి. ఒకటి, బండి నిండ మనుషులో, దాణా బస్తాలో ఉండి ఎక్కుడు ఎక్కుతున్నప్పుడు బాణం పై గేరు వెయ్యమన్నా, ఇంజన్ గునుస్తుంటే కింది గేరే వెయ్యాలె. మార్కు కోసం ఇంజన్‌ను చంపుకోవద్దు. రెండోది పాణం సంగతి. చిట్యాల, నార్కట్‌పల్లి కాడ ఊరి బాట నుంచి విజయవాడ హైవే ఎక్కేటప్పుడు, జడ్చర్ల దిక్కు కర్నూలు హైవే ఎక్కేటప్పుడు, వెనుక లారీ దూసుకొస్తుంటది. అక్కడ ఆకుపచ్చ లైటు కోసం మెల్లగ ఎక్కుడంటే చావును పిలుచుడే. సందు చూసి గట్టిగ తొక్కి లారీల స్పీడు అందుకోవాలె. రెండు మార్కులు పోతే పోనీ.

ఎక్కినంక మాత్రం అదుపు చెయ్యండి. ఎనభై నుంచి నూరుకు పోతే గాలి వెనుకకు నెట్టే బలం ఒకటిన్నర రెట్లు అయితది. పంతంగి టోల్ కాడికి ఐదు నిమిషాలు ముందుగాల పోయి చేసేదేం లేదు.

ఇంకో ముచ్చట. 2022 జులైల ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ నడిపే తీరును బట్టి ప్రీమియం పెట్టే పాలసీలకు అనుమతి ఇచ్చింది. ఎవరన్న ఏజెంట్ వచ్చి డ్రైవింగ్ స్కోరు అంటే, అది ప్రమాదం కొలిచే స్కోరు. స్పీడు ఎంత, బ్రేక్ ఎంత గట్టిగ కొట్టినవు అని చూస్తది. పెట్రోలు స్కోరు, అది ఒకటి కాదు. రెండిటినీ కలిపి ఆగం కావద్దు.

నేను ఇప్పుడు చేసేది చెప్త, నచ్చితే మీరూ చెయ్యండి. ఒకే బంకుల, మొదటిసారి పైపు టక్కుమని ఆగేదాక పోయిస్త. ఆ పైన ఒక్క చుక్క పోయనియ్య. కిలోమీటర్లు, లీటర్లు, స్కోరు మూడూ ఒక నోట్‌బుక్కుల ఒకే వరుసల రాస్త. స్కోరూ మైలేజూ రెండూ తగ్గితే తప్పు నా కాలుది. స్కోరు మంచిగుండి మైలేజ్ తగ్గితే కాలును వదిలి టైర్లు, ఏసీ, చిన్న తిరుగుడు, అవీ సరిగ్గుంటే గాలి ఫిల్టరు చూస్త. నాలుగో ట్యాంకుకు గాలి కొట్టించి, చేనుకు మళ్ల మోటర్‌సైకిల్ మీద పోయిన. కాంటా కాడ పిల్లలతో చెట్టు కిందనే కూర్చున్న. స్కోరు 83, మైలేజ్ పదిహేడున్నర.

మా అన్న కొడుక్కు కూడా అదే చెప్పిన. "నీ 91 మంచిదే బిడ్డా, కానీ లీటర్లెన్ని పట్టినయో చెప్పు" అన్న. ఇంకా చెప్పలేదు. మీ బండి లెక్క రాసి ఉంటే కింద పెట్టండి, స్కోరు కాదు, బంక్ లెక్క.