నీళ్ళు కారితే గ్యాస్ ఎందుకండీ?



ఆదివారం సమావేశం అజెండాలో నాలుగో అంశం చూశాను. "హాలులోని ఏసీకి గ్యాస్ నింపించుట, రూ. 3,200" అని ఉంది. ఈ ఖర్చును నేను వ్యతిరేకిస్తున్నాను. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నది. భాషలో తప్పులుంటే సర్దుకోండి. లెక్కలో తప్పుంటే మాత్రం వదలకండి, జీవితమంతా రైల్వేలో గుమాస్తాగా లెక్కలే రాసినవాణ్ణి.

సంగతి మీకందరికీ తెలిసిందే. వానలు మొదలైన నాలుగు రోజులకే హాలులోని ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ ఎడమ మూలనుంచి నీళ్ళు కారడం మొదలైంది. గోడకు కొత్తగా వేసిన సున్నం ఉబ్బింది. కింద బకెట్ పెట్టాం. మెకానిక్ వచ్చాడు, గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూశాడు, "గ్యాస్ తక్కువుంది" అన్నాడు. ముందు మూత తెరవలేదు, మీటరు తగిలించలేదు, బయట పైపు చివర ఎక్కడుందో అడగలేదు. మనం దాన్ని అజెండాలో రాసేశాం.

అయ్యా, ఆ కారేది గ్యాస్ కాదు, మన హాలు గాలిలో ఉన్న తేమ. మంచినీళ్ళ చెంబు బయట చెమర్చినట్టే, లోపలి చల్లని కాయిల్ మీద తేమ నీరవుతుంది. 1902లో క్యారియర్ అనే ఇంజనీరు న్యూయార్క్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సు కోసం ఈ యంత్రం రూపొందించినప్పుడు, కాగితం తేమకు సాగకుండా గాలిలోని నీటిని తగ్గించడమే అసలు పని. అంటే ఏసీలో నీళ్ళు రావడం రోగం కాదు, అది దాని డ్యూటీ. ఆ నీరు కాయిల్ కింది ట్రేలోకి దిగి, సన్నని ప్లాస్టిక్ పైపు గుండా తన బరువుతో తానే బయటికి పోవాలి. పోకపోతే ట్రే నిండి లోపలికి పొర్లుతుంది.

మరి మే నెలంతా తోలినా ఒక్క చుక్క కారలేదేం, గ్యాస్ తగ్గబట్టే కదా ఇప్పుడు కారుతోంది అని కోశాధికారి గారు అడిగారు. మంచి ప్రశ్న. మన కమలనగర్‌లో మే గాలి ఎండుగాలి. పిండినా తేమ రాదు. ట్రేలో పడే కొంచెం నీరు సగం మూసుకున్న పైపులోంచి కూడా మెల్లగా పోతుంది. ఆ ఎండల్లోనే పైపులోని పాచి, దుమ్ము ఎండి గట్టిపడతాయి. జూన్ వానలు పడగానే గాలి తేమెక్కుతుంది, గంటకు లీటరు దాకా నీరు రావచ్చు. అప్పుడు ఆ సన్నదారి చాలదు. రోగం మేలోనే ఉంది, బయటపడింది జూన్‌లో.

గురువారం వాచ్‌మన్‌ను తోడు పెట్టుకుని నేనే చూశాను. ముందు అరగంట ఏసీ నడిపి, తర్వాత ఎంసీబీ దించి, మూత తెరిచి టార్చి వేశాను. కాయిల్ మీద మంచు లేదు. ఇది ముఖ్యం, ఎందుకో కింద చెప్తాను. ఫిల్టర్లు రెండూ తీసి వెలుతురుకు పెడితే అవతల ఏమీ కనిపించలేదు. తివాచీ దుమ్మూ, అగరుబత్తి పొగా కలిసి కంబళిలా పట్టాయి. కుళాయి కింద వెనకవైపునుంచి నీళ్ళు పోసి కడిగి నీడలో ఆరబెట్టాను. ఎండలో పెడితే ఫ్రేము వంగుతుంది.

తర్వాత ఒక గ్లాసు నీళ్ళు కాయిల్ మీద, కరెంటు భాగాలకు దూరంగా, మెల్లగా పోశాను. నీరు బయటి పైపు చివర రావాలి. రాలేదు. రెండో గ్లాసుకు ఎడమ మూలనుంచి మన గోడ మీదికే వచ్చింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

బయటికెళ్ళి చూస్తే పైపు చివర కాలువ బురదలో మునిగి ఉంది. మధ్యలో మేకు ఊడి పైపు ఉయ్యాలలా కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కింది. నీరు గట్టు ఎక్కదు కదా, ఆ పల్లంలోనే నిలిచి పాచి పట్టింది. చివర బయటికి తీసి కాలువకు జానెడు ఎత్తులో వదిలాను. మా అబ్బాయి ఇంట్లో తడి కూడా పీల్చే వాక్యూమ్ క్లీనరు ఉంది. దాని గొట్టాన్ని పైపు చివర పెట్టి సందు లేకుండా గుడ్డ చుట్టి రెండు నిమిషాలు పీల్పించాను. నల్లటి జిగురు ముద్ద, దాంతోపాటు కందిరీగ గూటి మట్టి పెళ్ళలు వచ్చాయి. ఎవరూ బయటినుంచి నోటితోగానీ పంపుతోగానీ ఊదకండి. మురికి తిరిగి ట్రేలోకి పోయి కరెంటు బోర్డు మీద చిమ్ముతుంది. పైపు ఏటవాలుగా ఉండేలా క్లిప్పులు కొట్టించాను. మళ్ళీ గ్లాసు నీళ్ళు పోస్తే ధారగా బయటికి వచ్చాయి. తర్వాత నాలుగు గంటలు నడిపాను. బయట పెట్టిన బకెట్‌లో మూడు లీటర్లకు పైగా నీరు, లోపల ఒక్క చుక్క లేదు. ఖర్చు క్లిప్పులకు ఇరవై రూపాయలు. రసీదు నా దగ్గరుంది.

"పోయినేడు గ్యాస్ నింపాక ఆగింది కదా" అంటున్నారు. ఆగింది, నిజమే. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆ మెకానిక్ గ్యాస్ ముట్టుకునే ముందు ఫిల్టరు కడిగాడు, పైపు లాగి దులిపాడు. పైగా అది వానలు వెనకబట్టిన సమయం. బిల్లులో రాసింది మాత్రం గ్యాస్. చేసిన పని ఒకటి, వోచరు ఇంకోదానికి. నా సర్వీసులో ఇలాంటి వోచరు మీద సంతకం పెట్టి ఉంటే ఆడిట్ వాళ్ళు నన్ను నిద్రపోనిచ్చేవారు కాదు.

గ్యాస్‌కీ నీళ్ళకీ అసలు సంబంధమే లేదని నేను అనను. గ్యాస్ తగ్గితే కాయిల్‌లో ఒక పక్క మంచు కడుతుంది. బయటి యూనిట్ దగ్గర సన్నని రాగి పైపు మీద కూడా మంచు కనబడొచ్చు. ఫిల్టరు మూసుకుపోయినా గాలి ఆడక మంచు కడుతుంది, అప్పుడు సాధారణంగా కాయిల్ అంతటా పరుచుకుంటుంది. ఈ మంచు కరిగి ట్రే పట్టనంత నీరు ఒక్కసారి దిగుతుంది. అందుకే ఏసీ ఆపిన తర్వాత బొటబొటా కారితే మంచును అనుమానించండి. నడుస్తుండగా అరగంటకో గంటకో మొదలై ఆగకుండా కారితే డ్రెయిన్‌ను అనుమానించండి. మనది ఈ రెండోది. మంచు లేదని నేను ముందుగా చూసింది ఇందుకే.

ఇంకో మాట. గ్యాస్ పెట్రోలులా వాడితే అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఏటా తగ్గుతోంది అనేవాడు ఏటా లీకును వదిలేసి వెళ్తున్నాడన్నమాట. ఫిల్టరూ డ్రెయినూ బాగుండి కూడా నీళ్ళు కారితే ట్రే పగిలి ఉండొచ్చు, యూనిట్ డ్రెయిన్‌కు ఎదురువైపు వాలి ఉండొచ్చు, లేదా గ్యాస్ నిజంగానే తగ్గి ఉండొచ్చు. అది మన చేతి పని కాదు, మెకానిక్‌ను పిలవాల్సిందే. కానీ లీకు ఎక్కడో చూపించి, మూసి, యూనిట్ మీద అచ్చేసిన బరువు ప్రకారం తూచి నింపమని అడుగుదాం. చూపించలేనివాడికి డబ్బు ఇవ్వకూడదు.

కాబట్టి నాలుగో అంశాన్ని కొట్టేయమని కోరుతున్నాను. దాని బదులు హాలు తలుపు వెనక ఒక కాగితం అంటించి, ఫిల్టరు కడిగిన తేదీ, కడిగినవారి సంతకం రాద్దాం. వాడకం ఉన్న నెలల్లో రెండు వారాలకోసారి కడగాలి. గ్లాసు నీళ్ళ పరీక్ష ఏటా మే ఆఖరి వారంలో, వానలకు ముందే చేయాలి. మొదటి వరుసలో గురువారం తేదీ వేసి నేను సంతకం పెట్టాను. నమ్మనివాళ్ళు ఆదివారం పది నిమిషాలు ముందే రండి. గ్లాసు నేను తెస్తాను, నీళ్ళు మీరే పోయండి.