మతిమరుపు మొదలైన అమ్మకు ఇల్లా, హోమా? కల్లూరు లెక్క వేరే

కల్లూరుల ఇప్పుడు ఏ బజారుకు పోయినా రెండు మూడు ఇండ్లల్ల ముసలమ్మనో ముసలాయననో ఒక్కరే ఉంటున్నరు. పిల్లలు హైదరాబాదులనో, అమెరికాలనో ఉన్నరు. పెద్దోళ్లకు మతిమరుపు మొదలైందని తెలిస్తే చాలు, పిల్లల నడుమ ఒక్కటే పంచాయితీ. పనామెను పెడదామా, పట్నం హోముల వేద్దామా? మా అన్నదమ్ముల మధ్యన కూడా ఇదే నడిచింది. పైసల లెక్క ముందుపడి అసలు లెక్క ఎనకబడుతున్నదని నాకనిపించింది, అందుకే రాస్తున్న.

మా అమ్మకు డెబ్బై నాలుగు. పాలాయనకు నెల డబ్బులు రెండుసార్లు ఇచ్చింది, పప్పుల ఉప్పు రెండుసార్లు ఏసింది, అడిగిందే అడుగుడు. పాత ముచ్చట్లన్నీ గుర్తే, నిన్నటిది గుర్తు లేదు. దేశంల అరవై దాటినోళ్లల్ల వందకు ఏడుగురికి పైనే డిమెన్షియా ఉంటదని, అది 88 లక్షల మందని 2023ల వచ్చిన సర్వే చెప్పింది. అయితే మరిచిపోయే ప్రతి మనిషికీ ఆ రోగమే అనుకోవద్దు. థైరాయిడ్ తక్కువైనా, బి12 పడిపోయినా, మనసు బాగలేకున్నా ఇట్లనే ఉంటది. నిద్రమాత్రలు, జలుబుకు, దురదకు ఏసే కొన్ని గోళీలు కూడా ముసలోళ్లను మబ్బు చేస్తయి. చెవులు ఇనపడక జవాబు తప్పు చెప్పినా మనం మతిమరుపే అనుకుంటం. ఇవన్నీ చూపించినంకనే డాక్టరు మా అమ్మకు మొదటి దశ అన్నడు.

ఇగ హోము సంగతి. అన్న పట్టుబట్టి పట్నంల ఒకటి చూసిండు, నేను కూడా పోయిన. శుభ్రంగ ఉంది, నర్సున్నది, లిఫ్టున్నది. నెలకు నలబై అయిదు వేలు, అడ్వాన్సు వేరే. అంతా ఇని నేను ఒక్కటే అడిగిన. "రాత్రి లేసి తిరిగితే, బాత్రూం మరిచిపోతే ఏం చేస్తరు?" మేనేజరు నిజాయితీగనే చెప్పిండు. వాళ్లు తమ పని తాము చేసుకునేటోళ్లనే తీసుకుంటరట, ఆ దశ వస్తే ఇంటోళ్లు తీసుకపోవాలె. అంటే సాయం తక్కువ కావాల్సినప్పుడు పెట్టుకొని, సాయం నిజంగ కావాల్సినప్పుడు పంపిస్తరన్నట్టు. అప్పుడు మళ్ల కొత్త జాగ, కొత్త మొఖాలు. ఎవరు హోముకు పోయినా ముందు ఈ ముచ్చటే అడగాలె, అగ్రిమెంటుల రాయించాలె: ఏ దశ దాకా ఉంచుకుంటరు, రాత్రి ఎంతమందికి ఒక మనిషి మేలుకొని ఉంటది?

జాగ మారుడు ఈ రోగంల చిన్న సంగతి కాదు. మతిమరుపు కొత్త సంగతులను ముందు తింటది, పాత అలవాటును చివరికి తింటది. మా అమ్మ చీకట్ల కూడా మంచం నుంచి బాత్రూంకు పోతది, గోడ పట్టుకొని ఎన్ని అడుగులో కాళ్లకు తెలుసు. ఉప్పు డబ్బా ఎక్కడుందో చేతికి తెలుసు. అదే మనిషిని మూడో అంతస్తుల పెడితే బాత్రూం తలుపేదో, అల్మారా తలుపేదో రోజూ కొత్తగ నేర్సుకోవాలె. నేర్సుకునుడే పోయిన రోగానికి అది ఎట్ల సాధ్యం? అందుకే మొదటి దశల ఇల్లే మేలని నా మాట. అమ్మను కూడా అడిగినం. ఇంకా చెప్పగలిగే దశల ఉంది కాబట్టి "నా ఇల్లు ఇడిసిపెట్టను" అని చెప్పింది. ఈ మాట అడిగేది కూడా ఇప్పుడే, రేపు అడిగితే జవాబు రాకపోవచ్చు.

ఇంట్ల అంటే అంత సులువనుకోవద్దు. మా బజారులనే యాభై ఏండ్ల ఒకామెను పెట్టినం. పొద్దుగాల ఏడింటి నుంచి సాయంత్రం ఏడు దాకా, నెలకు తొమ్మిది వేలు. రాత్రి చిన్నమ్మ పండుకుంటది. మొదటి నెల ఆమె బాగ చూస్కోవాలని అన్నీ తనే చేసింది. అన్నం తనే పెట్టుడు, జడ తనే ఏసుడు, బట్టలు తనే మడత పెట్టుడు. అమ్మ కుర్సీల కూసుండి కిటికీ చూసుడే. చేతికి పని లేకపోతే ఉన్న అలవాటు కూడా పోతది. తర్వాత "నువ్వు చెయ్యకు, పక్కన కూసో" అని చెప్పినం. కూరగాయలు అమ్మ కోస్తది, పొయ్యి మాత్రం ఆమె ముట్టిస్తది. మందులు ఆమె చేతుల మీదుగనే.

రెండో కష్టం ఎవ్వరు చెప్పరు. ఒకనాడు అమ్మ "ఇది నా గొలుసు దొంగిలించింది" అన్నది. గొలుసు బియ్యం డబ్బాల దొరికింది, దాసిపెట్టిందే అమ్మ. ఈ రోగంల ఇది శానామందికి వస్తది. తను పెట్టింది మరిచి, ఎవరో తీసిన్రని నమ్ముతరు, ఎక్కువగ దగ్గర ఉండేటోళ్ల మీదనే పడతరు. పనామె ఇంటికి పోయి ఏడ్సింది, ఆమె మొగడు పంపనన్నడు. మేము పోయి బతిమాలి, బంగారం బ్యాంకు లాకర్ల పెట్టి, ఇంట్ల చిల్లరే ఉంచి, "ఈ మాట రోగం అంటున్నది, అత్తమ్మ కాదు" అని వాళ్లింట్ల అందరికీ చెప్పినంక తిరిగొచ్చింది. ఇది మొదటిరోజే చెప్పుకోవాల్సిన ముచ్చట.

మూడోది మన కల్లూరుదే. మిర్చి ఏరుడు మొదలైతే ఇంట్ల పనికి మనిషి దొరకదు. చేనుల పొద్దటి నుంచి సాయంత్రం దాకా ఏరితే వచ్చే కూలి ముందు మన తొమ్మిది వేలు ఎక్కువేం కాదు, ఆమెను తప్పు పట్టుడు ఎట్ల? అందుకే ఆ నెలలకు జీతం పెంచాలె, లేదా ముందే మరో మనిషిని అలవాటు చెయ్యాలె. కొత్త మొఖం అమ్మకు పరిచయం కావాలంటే వారం పది రోజులు ఇద్దరు కలిసి రావాలె.

ఎప్పటిదాకా ఇంట్ల? బయటికి పోయి ఇల్లు గుర్తురాక తిరుగుతుంటే, రాత్రి నిద్ర లేక పక్కన పండుకునేటామెకు వారాలకు వారాలు కునుకు లేకుంటే, స్నానం కాడ చెయ్యి లేపుతుంటే ఇల్లు సరిపోదు. చూసుకునేటోళ్లే పడిపోతరు. అప్పుడు రాత్రి మేలుకునే మనుషులున్న హోమే నయం, దాన్ని కొడుకుల పాపమని ఎవరూ అనొద్దు. మా చిన్నమ్మకు అరవై రెండు, రాత్రి రెండుసార్లు మించి లేవలేదని ముందే అనుకున్నం.

మరి సర్కారు ఏం చేస్తున్నది? 2007 చట్టం కింద తల్లిదండ్రుల ట్రిబ్యునల్ ఉన్నది, ఆర్డీవో ఆఫీసు కల్లూరులనే ఉన్నది. పిల్లలు పట్టించుకోకుంటే అక్కడ నెలకు పది వేల దాకా ఇప్పించొచ్చు. కానీ పట్టించుకునే పిల్లలకు రాత్రి మనిషి దొరకకుంటే ఆ చట్టం ఏం జేస్తది? జిల్లాకొక వృద్ధాశ్రమం అని అదే చట్టంల ఉన్నది, అది ఆధారం లేని పేదోళ్లకు. 2024 నుంచి డెబ్బై దాటినోళ్లకు అయిదు లక్షల ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నరు. అది దవాఖానల చేరితేనే, ఇంట్ల చూసుకునే ఖర్చుకు పైస రాదు.

కేరళల సామాజిక న్యాయ శాఖ "స్మృతిపథం" అని మొదలుపెట్టి, త్రిశూర్ జిల్లా కున్నంకుళంల పగటిపూట చూసుకునే కేంద్రం నడిపింది. కల్లూరుకు కావాల్సింది గసువంటిదే. పొద్దుగాల తొమ్మిది నుంచి నాలుగు దాకా ఒక గది, శిక్షణ ఉన్న ఇద్దరు ఆడోళ్లు, గేటుకు గొళ్లెం, పెద్దోళ్లకు చేతికి పని. సాయంత్రం మళ్ల ఎవరింటికి వాళ్లు. మిర్చి నెలల్ల మా పనామె చేనుకు పోయినా, ఆమెకు కూలి పోదు, మా అమ్మకు ఇల్లు పోదు.