బెయిల్ మంజూరుతోనే ఆగిపోయే మాక్ విచారణ

లా కాలేజీల్లో మాక్ బెయిల్ విచారణ ఎప్పుడూ ఒకేచోట ముగుస్తుంది. ప్రాసిక్యూషన్ తరఫు విద్యార్థి నేరం తీవ్రమైనదంటాడు. డిఫెన్స్ విద్యార్థి బెయిలే నియమం, జైలు మినహాయింపు అంటాడు. జడ్జి స్థానంలో కూర్చున్న అధ్యాపకుడు ఇద్దరినీ నాలుగు ప్రశ్నలడిగి, ‘పాతిక వేల సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు ష్యూరిటీలు’ అని ఆర్డరు చెప్పి లేస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఈ పద్ధతి తప్పని, పిల్లలకు బెయిల్ అంటే ఏమిటో తెలియకుండా చేస్తోందని నా వాదన. పేదవాడి బెయిల్ కేసు అధ్యాపకుడు లేచిన ఆ నిమిషంలోనే మొదలవుతుంది. మన అభ్యాసం సరిగ్గా అక్కడే ఆగిపోతోంది.

ఒక అంకె చెబుతాను. బెయిల్ వచ్చినా జైల్లోనే ఉండిపోయిన విచారణ ఖైదీలు దేశంలో సుమారు 5,000 మంది ఉన్నారని జాతీయ న్యాయ సేవల సంస్థ సుప్రీంకోర్టుకు చెప్పింది. 2023 జనవరి 31 నాటి ఉత్తర్వులో కోర్టు ఆ సంగతి నమోదు చేసింది. అందులో 2,357 మందికి న్యాయ సహాయం అందితే 1,417 మంది విడుదలయ్యారు. ఈ 5,000 మంది బెయిల్ నిరాకరించబడినవాళ్లు కారు. వాళ్ల వకీళ్లు వాదించారు, గెలిచారు, జడ్జీలు ఆర్డర్లిచ్చారు. మన మాక్ విచారణ లెక్కలో వాళ్లంతా గెలిచిన కేసులే.

సికింద్రాబాద్ మోండా మార్కెట్ నుంచి ఒక కేసు కల్పించుకుని చూద్దాం. నారాయణపేట వైపు ఊరి నుంచి వచ్చి, కూరగాయల మండీలో బస్తాలు మోసే ఇరవై రెండేళ్ల హమాలీ అనుకోండి. రాత్రి సరుకు లారీ దిగాక ఓ కొట్టు అరుగు మీదే పడుకుంటాడు. సాయంత్రం రద్దీలో ఒకావిడ చేతిలోని ఫోను లాక్కుని పరిగెత్తాడని మోండా మార్కెట్ పోలీసులు కేసు పెట్టారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 304, అంటే స్నాచింగ్. గరిష్ఠ శిక్ష మూడేళ్లు, నాన్‌బెయిలబుల్. ఫోను దొరికింది, సీసీ కెమెరా దృశ్యాలు పోలీసుల దగ్గరున్నాయి, పాత కేసులేమీ లేవు. రిమాండు మీద చంచల్‌గూడ జైలుకు పంపారు.

ఈ కేసు ఇస్తే విద్యార్థులు ఏం చేస్తారో ముందే చెప్పొచ్చు. డిఫెన్స్ పిటిషన్‌లో మొదటి పేరా 1977 నాటి రాజస్థాన్ వర్సెస్ బాల్‌చంద్. రెండోది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన గుడికంటి నరసింహులు కేసు. కాస్త చదివినవాళ్లయితే ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాల్లో కారణం రాయకుండా అరెస్టు చేయకూడదని, అరెస్టు అక్కర్లేనప్పుడు నోటీసు ఇవ్వాలని చెప్పిన అర్నేష్ కుమార్ తీర్పు, 2014, కూడా పెడతారు. అది మంచి పాయింటే, నిజానికి రిమాండు రోజునే అడగాల్సిన పాయింటు. ప్రాసిక్యూషన్ వైపు నుంచి పారిపోతాడు, సాక్ష్యం చెరుపుతాడు, మళ్లీ చేస్తాడు అన్న మూడు మాటలొస్తాయి. ఫోను, ఫుటేజీ రెండూ పోలీసుల దగ్గరుండగా చెరపడానికి మిగిలిన సాక్ష్యమేమిటని డిఫెన్స్ అడిగితే రెండో మాట అక్కడే పడిపోతుంది. పాత కేసులు లేవు కనుక మూడోదీ నిలవదు. మొదటి మాటే మిగులుతుంది. ఊరు కాని ఊరు, అద్దె ఇల్లు కూడా లేదు, వదిలితే ఎక్కడ వెతకాలి?

ఈ ప్రశ్న దగ్గరే మాక్ విచారణ సీరియస్‌గా నడవాలి. నడవదు. అధ్యాపకుడు ‘ష్యూరిటీలు పెడతాం కదా’ అని దాటేస్తాడు, కుర్రాడికి బెయిల్ వస్తుంది. ఇక అతను చేయాల్సిన పని చూడండి. ఇద్దరు మనుషుల్ని వెతకాలి. వాళ్లకు ఇంటి పన్ను రసీదో, జీతం సర్టిఫికెట్టో, తహసీల్దార్ ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్టో ఉండాలి. వాళ్లు మేజిస్ట్రేట్ ముందు నిలబడి ఇతను తమకెలా తెలుసో చెప్పాలి, ఇప్పటికే ఎంతమందికి ష్యూరిటీ ఉన్నారో డిక్లరేషన్ ఇవ్వాలి. ఇదంతా జైల్లో ఉన్న మనిషి తరఫున ఎవరు తిరుగుతారు? ఊళ్లో అన్న ఉన్నాడు, ఎకరం పొలం పాస్‌బుక్ ఉంది. బస్సెక్కి సికింద్రాబాద్ కోర్టుకొస్తాడు. ‘ఆస్తి ఈ జిల్లాలో లేదు’ అన్న మాటతో వెనక్కి పంపితే అతనికి ఏం చేయాలో తోచదు. రెండోసారి రావాలంటే ఇంకో రోజు కూలి పోతుంది. ఇలాంటివాళ్ల దగ్గరికే కోర్టు ఆవరణలో దొంగ ష్యూరిటీల దళారులు చేరతారు. నకిలీ కాగితాలతో ష్యూరిటీలు నిలబెట్టే ముఠాలు పట్టుబడటం నగరంలో కొత్త కాదు. వాళ్లను పుట్టించింది మనం అడిగే కాగితాలే.

ఈ సమస్యకు 1978లోనే జవాబుంది. మోతీరాం వర్సెస్ మధ్యప్రదేశ్, ఆగస్టు 24, 1978. మోతీరాం తాపీమేస్త్రీ. సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది, కింది మేజిస్ట్రేట్ 10,000 రూపాయల ష్యూరిటీ అడిగాడు, అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని ష్యూరిటీని తోసేశాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును కొట్టేసి 1,000 రూపాయల సొంత బాండు మీద విడుదల చేయమన్నారు. బెయిల్ అన్న మాటలో ష్యూరిటీ లేని సొంత బాండు కూడా ఉంటుందని తేల్చారు. దూరప్రాంతంలో పట్టుబడిన తెలుగువాడో తమిళుడో అక్కడ ఆస్తిపరుణ్ని ఎక్కడి నుంచి తేవాలని ఆ తీర్పులోనే అడిగారు. మన హమాలీ కేసు అక్షరం పొల్లుపోకుండా మోతీరాం కేసే. అయినా మాక్ విచారణల్లో బాల్‌చంద్‌ను పదిమంది చదివితే మోతీరాంను ఒకరు చదవడం అరుదు. బాల్‌చంద్ వాదనలో బాగా వినిపిస్తుంది. మోతీరాం ఆర్డరు రాసేటప్పుడు పనికొస్తుంది, ఆ ఆర్డరు రాయడం మనం నేర్పడంలేదు.

మోతీరాం పాతబడిందనేవాళ్లకు కొత్త చట్టమే చూపిస్తాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 2లో బెయిల్‌కు నిర్వచనం చేర్చారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఈ నిర్వచనం లేదు. షరతుల మీద కస్టడీ నుంచి విడుదల, బాండు మీద గానీ బెయిల్ బాండు మీద గానీ అని అందులో ఉంది. బాండు అంటే ష్యూరిటీ లేని సొంత పూచీకత్తు, బెయిల్ బాండు అంటే ష్యూరిటీతో ఇచ్చేది అని రెంటినీ విడదీసి రాశారు. 1978లో కోర్టు చెప్పినది ఇప్పుడు చట్టంలోనే ఉంది. బాండు మొత్తం అధికంగా ఉండకూడదని సెక్షన్ 484 అంటోంది. ‘ఇద్దరు ష్యూరిటీలు’ అన్న మాటను చట్టం తప్పనిసరి చేయలేదు. అది అలవాటు. ఆ అలవాటును ఇరవై ఏళ్ల పిల్లలకు మాక్ విచారణలోనే అంటిస్తున్నాం.

ష్యూరిటీలు అడగడానికి కారణం లేకపోలేదు. విలాసం లేని మనిషి వాయిదాకు రాకపోతే నాన్‌బెయిలబుల్ వారంటు పట్టుకుని కానిస్టేబుల్ ఊళ్లు తిరగాలి, కేసు ఏళ్లు సాగుతుంది. దీనికి విరుగుడు ఆస్తి కాగితమేనని ఎవరు చెప్పారు? మనిషిని ఊరికి కట్టేసేవి ఏమిటో 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ భగవతి రాశారు. ఎన్నాళ్లుగా ఇక్కడ ఉంటున్నాడు, ఏం పని చేస్తున్నాడు, కుటుంబం ఎక్కడుంది, పాత కేసులున్నాయా, అతని గురించి చెప్పగలిగే బాధ్యత గల మనుషులెవరు. మోండాలో నాలుగేళ్లుగా ఒకే కొట్టుకు బస్తాలు మోసే కుర్రాడి గురించి ఆ సేటు, తోటి హమాలీలు చెప్పగలరు. డిఫెన్స్ విద్యార్థి ఆ సేటు దగ్గర అఫిడవిట్ తేవాలి. సోమవారం సోమవారం స్టేషన్‌లో సంతకం షరతు తానే ముందు అడగాలి. ప్రాసిక్యూషన్ విద్యార్థి బెయిల్‌ను గుడ్డిగా వ్యతిరేకించకుండా ఏ షరతు సరిపోతుందో చెప్పాలి. వాళ్ల మీద కూడా అంత బాధ్యత ఉంది.

మాక్ విచారణకు రెండో వాయిదా ఉండాలి, అదీ మార్కులతో. 2023 జనవరి ఉత్తర్వు ప్రకారం బెయిల్ ఆర్డరు కాపీ ఆ రోజో మర్నాడో ఈమెయిల్‌లో జైలుకు వెళ్లాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవల సంస్థ కార్యదర్శికి తెలపాలి. ఆ కార్యదర్శి ఖైదీ ఆర్థిక స్థితిపై నివేదిక తెప్పించి షరతులు సడలించమని కోర్టును కోరవచ్చు. నెలలోగా బాండ్లు ఇవ్వలేకపోతే కోర్టు తానుగా షరతులు మార్చడాన్ని పరిశీలించవచ్చు. స్థానిక ష్యూరిటీ షరతు ఆలస్యానికి ఒక కారణమని, దాన్ని పెట్టకుండా ఉండవచ్చని కూడా అందులోనే ఉంది. మన హమాలీ ముప్పై ఒకటో రోజున ఇంకా చంచల్‌గూడలోనే ఉన్నాడనుకుని, అదే జట్టు, అదే అధ్యాపకుడి ముందు, సడలింపు పిటిషన్ వాదించాలి. అప్పుడు ‘పాతిక వేలు’ అని తానెందుకన్నాడో అధ్యాపకుడు కారణం రాయాల్సి వస్తుంది.

ఈ రెండో వాయిదాలో పిల్లలు ఇంకో సంగతి కనిపెడతారు. 304 కేసులో 60 రోజుల్లో చార్జిషీటు రాకపోతే డిఫాల్ట్ బెయిల్ హక్కు. మొదటిసారి నిందితుడైతే గరిష్ఠ శిక్షలో మూడో వంతు, అంటే ఏడాది గడిస్తే, సెక్షన్ 479 కింద బాండు మీద విడుదల. వీటిలో మొదటి తలుపు కూడా పూచీ ఇచ్చినవాడికే తెరుచుకుంటుంది. ష్యూరిటీ దొరకనివాడికి 60వ రోజూ 61వ రోజూ ఒకటే. అక్కడికొచ్చాక 5,000 అంకె ఎలా తయారైందో వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

సమయం లేదు, సిలబస్ ఒప్పుకోదు అంటారు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో ప్రతి విద్యార్థికీ మూడు మూట్‌కోర్టులు, ఒక్కోదానికి పది మార్కులు. అందులో అయిదు రాతకు, అయిదు వాదనకు. దాంతోపాటే న్యాయవాది ఆఫీసులోనో లీగల్ ఎయిడ్ ఆఫీసులోనో క్లయింటుతో మాట్లాడే రెండు సెషన్లు చూడాలని కూడా రాసుంది. అంటే రాతకు అయిదు మార్కులున్నాయి, లీగల్ ఎయిడ్ ఆఫీసుకు వెళ్లాలన్న నిబంధనా ఉంది. సిలబస్‌ను అడ్డం పెట్టుకోవడం సరికాదు. రాతకున్న అయిదు మార్కులను బెయిల్ పిటిషన్‌కు కాకుండా సడలింపు పిటిషన్‌కు ఇవ్వడానికి ఏ కౌన్సిల్ అనుమతీ అక్కర్లేదు.

అధ్యాపకులను నేను అడిగేది ఒక్కటే. వచ్చే సెమిస్టర్‌లో జడ్జి కుర్చీలో కూర్చున్నప్పుడు ‘ఇద్దరు ష్యూరిటీలు’ అని చెప్పకండి. చెప్పాలనుకుంటే, సొంత బాండు ఎందుకు సరిపోదో, ఆ ఇద్దరు ఎవరై ఉండగలరో అదే ఆర్డర్‌లో రెండు వాక్యాలు రాయండి. రాయలేకపోతే ఆ షరతు కొట్టేయండి. మీరు రాయలేని షరతును నిజమైన మేజిస్ట్రేట్ అడక్కూడదని మీ విద్యార్థి రేపు సికింద్రాబాద్ కోర్టులో నిలబడి చెప్పాలంటే, మొదట మీ ముందు చెప్పి గెలవాలి. ఆ గెలుపుకే మార్కులు వేయండి. చప్పట్లు కొట్టించిన గెలుపుకు వేయకండి.