చేతికి రాని వడ్డీకీ టీడీఎస్

ఇంటి వ్యాపారాన్ని ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా మార్చుకున్నవారు మనలో చాలామందే ఉన్నారు. బోర్డు మారినా, అవసరానికి ఇంటి డబ్బే తెచ్చి పెట్టే అలవాటు మారలేదు. పెట్టవచ్చు. కాని లెక్కల్లో మీరు వేరు, కంపెనీ వేరు.

మా మేనల్లుడు బరంపురంలో అట్టపెట్టెలు తయారుచేసే కంపెనీకి డైరెక్టరు. 2024 అక్టోబరు 1న తన ఖాతా నుంచి చెక్కు ద్వారా కంపెనీకి 5 లక్షలు అప్పిచ్చాడు. వడ్డీ ఏడాదికి 12 శాతం. 2025 ఏప్రిల్ రెండో వారంలో లెక్కల పుస్తకాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆరు నెలల వడ్డీ 30 వేలు మార్చి 31న ఖర్చు రాసి, ‘చెల్లించవలసిన వడ్డీ’ అనే పద్దులో జమ వేశారు. టీడీఎస్ మాత్రం కోయలేదు.

“ఒక్క రూపాయీ నా చేతికి రాలేదు కదా మామయ్యా, దేంట్లోంచి కొయ్యాలి?” అన్నాడు.

“చేతికివ్వడం, పుస్తకంలో జమ వేయడం, ఈ రెండింటిలో ఏది ముందైతే ఆ రోజే కొయ్యాలిరా” అన్నాను. జమ అతని పేరున కాక వేరే పద్దులో వేసినా, చట్టం దృష్టిలో అతనికి జమ వేసినట్టే. అప్పట్లో ఏడాది వడ్డీ 5 వేలు దాటితే కోత ఉండేది. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 10 వేలు. రేటు 10 శాతం. పాన్ ఇవ్వకపోతే 20 శాతం.

కాబట్టి ఖర్చు 30 వేలు అలాగే ఉంటుంది. అందులో 27 వేలు డైరెక్టరుకు జమ, 3 వేలు టీడీఎస్ పద్దుకు జమ. మార్చిలో కోసిన పన్ను కట్టడానికి ఏప్రిల్ 30 దాకా గడువుంటుంది గనుక మావాడు గట్టెక్కాడు. అసలు కోయకపోతే నెలకు 1 శాతం, కోసి కట్టకపోతే నెలకు 1.5 శాతం వడ్డీ పడుతుంది. కంపెనీ ఆదాయపు పన్ను రిటర్ను గడువు నాటికీ కట్టకపోతే, ఆ ఖర్చులో 30 శాతం, అంటే 9 వేలు, ఆ ఏటికి ఒప్పుకోరు.

డైరెక్టరు తన రిటర్నులో చూపవలసింది 27 వేలు కాదు, 30 వేలు. కోసిన 3 వేలు అతను కట్టిన పన్ను కింద వస్తుంది. అది తన పాన్ మీద 26ఏఎస్‌లో కనిపించాలి. కనిపించలేదంటే కంపెనీ టీడీఎస్ రిటర్ను వేయలేదనో, పాన్ తప్పు రాసిందనో అనుకోవచ్చు.

వెళ్లబోతూ, “ఈసారి మీ కోడలి నగలు బ్యాంకులో పెట్టి ఇంకో 2 లక్షలు వేద్దామనుకుంటున్నా” అన్నాడు. అక్కడ ఆపాను. డైరెక్టరిచ్చే అప్పు డిపాజిట్ల లెక్కలోకి రాకూడదంటే, అది తాను మరొకచోట అప్పు తెచ్చి ఇస్తున్నది కాదని డబ్బిచ్చేటప్పుడే కంపెనీకి రాసివ్వాలి. నగల మీద తెచ్చిన డబ్బుకు ఆ కాగితం మీద సంతకం ఎలా పెడతాడు? ఆ 2 లక్షలకు కంపెనీ పేరుతోనే బ్యాంకులో దరఖాస్తు పెట్టమని చెప్పి పంపాను.