కూలి అడగడం తెలిసిన ఇళ్ల నుంచే వచ్చాం

నాట్ల కాలంలో మా అమ్మలు పనికి కదిలే ముందు ఒక సంగతి కనుక్కుంటారు. ఈ ఏడు పక్క ఊళ్లో కూలి ఎంత నడుస్తోంది? అది తెలిశాకే రైతుతో మాట్లాడతారు. "పక్క ఊళ్లె గింత ఇస్తున్నరు, మాకూ గంతే ఇయ్యండ్రి" అంటారు. గొడవ పెట్టుకోరు. వచ్చే ఏడు అదే పొలంలో మళ్లీ నాటు వేయాలని వాళ్లకు తెలుసు. అక్షరం రాని మా ఇళ్లలో ఉన్న ఈ తెలివిని, పీజీ చదివిన మేము మొదటి ఆఫర్ లెటర్ చూడగానే మరచిపోతున్నాం. ఈ వ్యాసం ఆ సంగతి గురించే.

పోయిన వేసవిలో మా గదిలో ఒకడికి, ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివినవాడికి, హైదరాబాద్ శివారులోని ఒక ల్యాబులో ట్రైనీ కెమిస్టుగా ఉద్యోగం వచ్చింది. లెటర్‌లో ఏడాదికి 2,40,000 అని ఉంది. నెలకు ఇరవై వేలు అనుకుని సంబరపడ్డాం. రాత్రి నలుగురం కూర్చుని రెండో పేజీ చదివితే అసలు లెక్క తెలిసింది. ఆ మొత్తం సి.టి.సి., అంటే అతని మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. నెలకు గ్రాస్ జీతం 16,500 మాత్రమే. అందులో బేసిక్ 12,000. కంపెనీ కట్టే పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ కూడా ఆ 2,40,000 లోపలే ఉన్నాయి. ఇంకో 11 వేల చిల్లర ఏడాది చివర, పనితీరు బాగుంటే ఇచ్చే ప్రోత్సాహకం. గ్రాస్‌లోంచి అతని వాటా పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 124, వృత్తి పన్ను 150 పోతే చేతికి వచ్చేది 14,786. గది అద్దె, తిండి, బస్సు పోను ఇంటికి పంపడానికి మిగిలేది దాదాపు ఏమీ లేదు.

ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ల నాన్న ఒకటే మాట అన్నాడు. "నోటికాడి కూడు చెడగొట్టుకోకు బిడ్డా." ఆ భయం మాకూ ఉంది. అడిగితే ఉద్యోగం వెనక్కి తీసుకుంటారేమోనని ఇద్దరం వద్దన్నాం. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాం. అడగడమా మానడమా అన్నది తర్వాత, ముందు కూలి రేటు కనుక్కుందాం అని.

కనుక్కోవడంలో మొదట తప్పు చేశాం. సాఫ్ట్‌వేర్‌లో చేరిన ఒక మిత్రుడి జీతం, నాలుగేళ్ల అనుభవమున్న సీనియర్ జీతం కూడా జాబితాలో రాశాం. అవి మాకు పనికిరావు. అదే డిగ్రీ, అదే పని, అదే ఊరు, ఈ ఒకటి రెండేళ్లలో చేరినవాళ్లు. వీళ్ల జీతాలే పోల్చదగినవి. పైగా ఒకరి సి.టి.సి.ని ఇంకొకరి గ్రాస్‌తో పోల్చకూడదు. అందుకే అందరినీ "నెలకు గ్రాస్ ఎంత?" అనే అడిగాం. మా డిపార్ట్‌మెంట్ నుంచి వెళ్లిన ఐదుగురు చెప్పిన లెక్క ఇది: 18,000, 19,000, 20,000, 20,500, 24,000. చివరి దానిలో నైట్ షిఫ్ట్ భత్యం కలిసి ఉంది. దాన్ని పట్టుకుని "అక్కడ 24 వేలు ఇస్తున్నారు" అని రాసి ఉంటే, హెచ్.ఆర్. వాళ్లు ఒక్క ప్రశ్నతో మా మాట కొట్టిపారేసేవారు. మధ్యలో ఉన్న 20,000 తీసుకున్నాం. నౌకరీ సైటులో అదే పనికి జీతం వేసిన ప్రకటనలు కూడా చూసి, మా అంకె మరీ ఎక్కువ కాదని రూఢి చేసుకున్నాం.

ఇక ఉత్తరం. ఇక్కడ ఒక చట్టం సంగతి తెలుసుకోవాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం షరతులు లేకుండా ఉండాలి. "20,000 ఇస్తేనే చేరతాను" అని రాస్తే అది వాళ్ల ఆఫర్‌ను కాదన్నట్టే అవుతుంది. పాత ఆఫర్‌ను నిలబెట్టాల్సిన బాధ్యత వాళ్లకు ఉండదు. "వీలవుతుందా?" అని అడిగితే అది విచారణ మాత్రమే. అందుకే మా ఉత్తరంలో "ఇస్తేనే" అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. సంతకం పెట్టకముందే, గడువు ఇంకా మూడు రోజులుండగా, ఆఫర్ వచ్చిన ఈమెయిల్‌కే జవాబుగా ఇంగ్లీషులో పంపాం. దాని సారం ఇది:

"నన్ను ఎంపిక చేసినందుకు కృతజ్ఞతలు. ఇంటర్వ్యూలో మీరు వివరించిన పని నాకు నచ్చింది, చేరాలని ఉంది. జీతం విషయమై ఒక విన్నపం. మా విభాగం నుంచి గత రెండేళ్లలో ఇదే ఊళ్లో ఇదే స్థాయి ఉద్యోగంలో చేరిన ఐదుగురి నెల గ్రాస్ 18,000 నుంచి 24,000 వరకు ఉంది. ఎక్కువ ఉన్నదానిలో షిఫ్ట్ భత్యం కలిసి ఉంది. మధ్యస్థం 20,000. నా గ్రాస్‌ను ఆ అంకెకు సవరించడం వీలవుతుందా? వీలుకాకపోతే ఏడాది చివరి ప్రోత్సాహకాన్ని నెల జీతంలో కలపడం గానీ, ఆరు నెలల తర్వాత జీతం సమీక్షిస్తామని లెటర్‌లో రాయడం గానీ పరిశీలించగలరు. మీ జవాబు అందిన మరుసటి రోజే నా నిర్ణయం తెలియజేస్తాను."

ఇంట్లో కష్టాలు రాయలేదు. అవి నిజమే, కానీ కంపెనీ జీతం కట్టేది పనికి. కష్టం చెబితే జాలి పడతారు, రేటు చెబితే లెక్క చూస్తారు. స్నేహితుల పేర్లు, వాళ్ల కంపెనీల పేర్లు రాయలేదు. నమ్మి చెప్పినవాళ్లను ఇరికించకూడదు. లేని ఇంకో ఆఫర్ ఉందని అబద్ధం ఆడలేదు. ఆ లెటర్ చూపించమంటే అక్కడితో పరువు పోతుంది.

రెండు రోజులు జవాబు లేదు. ఆ రెండు రాత్రులు మెస్‌లో అన్నం సహించలేదు. మూడో రోజు ఉదయం హెచ్.ఆర్. మేడం ఫోన్ చేసింది. ట్రైనీలకు 20,000 ఇచ్చే వీలు లేదని, ప్రోత్సాహకాన్ని నెల జీతంలోకి మార్చి, ఇంకొంత కలిపి గ్రాస్ 18,500 చేస్తామని, ఆరు నెలలకు సమీక్ష ఉంటుందని చెప్పింది. మా వాడు థాంక్స్ చెప్పి, సవరించిన లెటర్ పంపమన్నాడు. ఫోన్ మాట గాలిలో పోతుంది, కాగితం మీద ఉండాలి. లెటర్ వచ్చాక చూస్తే బేసిక్ 13,000 అయింది, చేతికి వచ్చేది 16,650 దాకా. అంటే నెలకు 1,800 పైన ఎక్కువ. అడిగింది రాలేదు, అడగకపోతే ఇదీ రాదు. మొదటి రోజు ఆఫీసులో ఆ మేడమే దగ్గరుండి ఫారాలు నింపించిందట.

ప్రతిచోటా ఇలా జరుగుతుందని మేము అనడం లేదు. సర్కారు కొలువులో స్కేలు మారదు. ఒకే బ్యాచ్‌లో వందమందిని తీసుకునే కంపెనీ ఒక్కడికి పెంచదు. అక్కడ చేరే తేదీ, పని చేసే ఊరు, బాండు షరతు లాంటివే అడగాలి. "అందరికీ ఒకటే" అని వాళ్లు మర్యాదగా చెబితే దాన్ని నమ్మి, చేరాలో వద్దో మనం తేల్చుకోవాలి. అదే విషయంపై రెండోసారి ఉత్తరం రాస్తే విన్నపం విసుగవుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ హాస్టల్ నుంచి వెళ్లే ప్రతి ఒక్కరూ మీ మొదటి జీతం గ్రాస్ ఎంతో వెనక వచ్చేవాళ్లకు చెప్పండి. సిగ్గుపడి దాచుకుంటే వాళ్లకు పక్క ఊరి రేటు తెలియదు. మా గది గోడ మీద ఆ ఐదు అంకెల కింద ఇప్పుడు ఆరోది రాసి ఉంది: 18,500. ఏడోది మీరు రాయాలి.