నాకు వేరే వంట వద్దు

ఇంట్లో ఒకరు కొవ్వు తగ్గించుకోవాలనగానే వాళ్లకు విడిగా వండటం మొదలుపెడతాం. మా ఇంట్లోనూ అదే జరిగింది. నాకు ఫ్యాటీ లివర్ ఉందని డాక్టర్ చెప్పిన రోజు నుంచి మా అత్తయ్య నాకోసం ఉడికించిన కూర వేరుగా తీస్తున్నారు. ఆవిడ ప్రేమకు విలువ కట్టలేను. కానీ అరవై ఎనిమిదేళ్ల మనిషి రోజూ రెండు వంటలు చేయడం ఎన్నాళ్లు సాగుతుంది? అందుకే అత్తయ్యనీ, మా వారినీ, అబ్బాయినీ ఒకటే అడుగుతున్నాను. నాకు వేరే గిన్నె వద్దు, అందరి గిన్నెలో నూనె తగ్గిద్దాం.

అన్నం ఎక్కువైతే నేను కంచంలో తగ్గించుకోగలను. కూరలో కలిసిపోయిన నూనెను ఎవరూ విడదీయలేరు. అదే నూనె తక్కువగా వండితే, కావలసినవాళ్లు కంచంలో చెంచాడు నెయ్యి కలుపుకోవచ్చు. వెనక్కి తీయలేనిదాన్ని వంటలో తగ్గించి, కలపగలిగినదాన్ని కంచానికి వదలడమే నేను కోరే మార్పు.

లెక్క చూద్దాం. మా నలుగురికీ నెలకు 5 లీటర్ల నూనె, అరకిలో నెయ్యి అవుతున్నాయి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన సగటున తలా రోజుకు 42 గ్రాములు పడుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల ఆహారానికి చెప్పినది దాదాపు 27 గ్రాములే. నెయ్యి అలాగే ఉంచి నూనె 3 లీటర్లకు తెస్తే మనం సరిగ్గా అక్కడికి వస్తాం. తగ్గే 15 గ్రాములు మూడు చెంచాల పైచిలుకు, అంటే దాదాపు 135 కేలరీలు. ఒక చిన్న కప్పు అన్నంలో ఉన్నన్ని. అన్నం తగ్గితే కడుపుకు తెలుస్తుంది, ఈ నూనె తగ్గితే అంతగా తెలియదు.

రుచి పోతుందన్న అత్తయ్య భయం న్యాయమైనదే. అందుకే దొండకాయ వేపుడుతో మొదలుపెడదాం. అరకిలో కాయలకు మనం పోసే గుంటగరిటె నూనె కొలిస్తే 60 మిల్లీలీటర్లుంది. దాని బదులు సన్నగా తరిగిన ముక్కల్ని మూకుడులో వేసి, పైన పళ్లెం పెట్టి అందులో నీళ్లు పోసి, సన్నసెగ మీద పది నిమిషాలు మగ్గిద్దాం. ముక్క వేలితో నొక్కితే లొంగాలి, చితకకూడదు. అప్పుడు నాలుగు చెంచాల నూనెతో పోపు పెట్టి, మూత తీసి, సెగ పెంచి వేయిద్దాం. ఉప్పు చివర్లోనే వేయాలి. ముందే వేస్తే ముక్కలు నీరొదిలి ముద్దవుతాయి. వేపుడు తిన్నాక కంచం అంచున నూనె మిగిలితే ఇంకా తగ్గించవచ్చని గుర్తు. వంకాయ నూనెను ఎక్కువ పీలుస్తుంది కాబట్టి ముందుగా కాస్త ఆవిరి మీద ఉడికించి వేయిస్తే మంచిది.

మా వారికి ఒక పని. ఒకటో తారీఖున మూడు లీటర్లే తెచ్చి, స్టవ్ పక్కనున్న జాడీలో గరిటె తీసి చెంచా వేయండి. ఇరవయ్యో తారీఖుకే అయిపోతే ఎక్కడ పోయిందో అందరం కూర్చుని చూద్దాం. బయటి నుంచి తెచ్చే పునుగులు, మిక్చరు ఈ మూడు లీటర్లలోకి రావు. అవి పెరిగితే ఇంటి లెక్క కాగితం మీదే మిగులుతుంది.

ఇది అందరికీ ఒకే కొలత కాదు. పద్నాలుగేళ్ల అబ్బాయి ఎదిగేవాడు, వాడి నెయ్యి, గుడ్డు, పాలు తగ్గవు. షుగరు మాత్రలు వేసుకునే అత్తయ్య అన్నం జోలికి నేను వెళ్లను. ఆమె తిండి తగ్గాలంటే మాత్రల మోతాదు గురించి ముందు డాక్టర్‌ని అడగాలి, లేకపోతే షుగరు పడిపోవచ్చు.

నాకైనా అద్భుతాలు జరగవు. రోజుకు 135 కేలరీలు తగ్గితే లెక్క ప్రకారం నెలకు అరకిలో కొవ్వు. ఒంట్లో జరిగేది అంతకన్నా నెమ్మదే. అందుకని బరువు రోజూ అడగకండి. పదిహేను రోజులకోసారి నడుముకు టేపు పెట్టుకుంటాను. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు, నాది 93.

చివరిగా ఒక్క మాట. నేను చాలన్నాక 'ఇంకొంచెం వేసుకో' అనకండి. అడిగి వేయించుకునే చొరవ నాకు ఈ ఇంట్లో ఎప్పుడూ ఉంది.